"థీసిస్ ఎప్పుడవుతుంది?": ఒకరు స్థిరపడాలనుకుంటూ, మరొకరు ఇంకా చదువుతున్న జంట కేసు

జంటల కౌన్సెలర్‌గా నేను చూసిన ఈ కేసులో ఇద్దరినీ గుర్తుపట్టే వీలు లేకుండా వయసు, వృత్తి, చదివే విభాగం లాంటివి మార్చాను. సమస్య నడిచిన తీరు మాత్రం మార్చలేదు. దీన్ని రాయడానికి కారణం, మధ్యలో నేను వాడిన ఒక పద్ధతి గొడవను తగ్గించకపోగా పెంచింది. అది ఎందుకు బెడిసికొట్టిందో తెలిశాకే మిగతా దారి కనబడింది.

నేపథ్యం

ఆమెకు 33 ఏళ్లు, తొమ్మిదేళ్లుగా ఉద్యోగం చేస్తోంది. అతనికి 29, పీహెచ్‌డీ నాలుగో ఏడు. పరిచయమై ఐదేళ్లు, ఒకే ఇంట్లో ఉండబట్టి రెండేళ్లు. అతని స్టైపెండ్ ఆమె జీతంలో సుమారు నాలుగో వంతు. ఇంటి ఖర్చుల్లో లెక్కాపత్రం లేదు, ఎవరి దగ్గరుంటే వాళ్లు ఇచ్చేస్తారు. అంటే దాదాపు ఎప్పుడూ ఆమే ఇస్తుంది.

మొదటి సెషన్లో ఇద్దరినీ కలిపి విన్న తర్వాత, ఒక్కొక్కరితో 20 నిమిషాలు విడిగా మాట్లాడాను. బెదిరింపు, చేయి చేసుకోవడం, డబ్బు ఆపి లొంగదీసుకోవడం లాంటివి ఉన్నాయేమో ఎదుటివాళ్లు లేనప్పుడే అడగాలి. అలాంటివి లేవు. "ఈ బంధం కొనసాగాలని మీకెంత ఉంది?" అని సున్నా నుంచి పది వరకు ఒక అంకె రాయమంటే ఆమె తొమ్మిది రాసింది, అతను ఎనిమిది.

ఈ అంకెలు అడిగేది ఊరికే కాదు. ఒకరు తొమ్మిది, మరొకరు మూడు రాస్తే ఆ జంటకు మామూలు కౌన్సెలింగ్ పనికిరాదు. కలిసి ఉండాలా వద్దా అన్నది తేల్చుకోవడమే వాళ్లకు మొదటి పని. అమెరికన్ ఫ్యామిలీ థెరపిస్ట్ బిల్ డోహర్టీ రూపొందించిన డిసర్న్‌మెంట్ కౌన్సెలింగ్ దానికోసమే ఉంది. అది అయిదు సెషన్లు దాటదు. ఇక్కడ ఇద్దరూ ఉండాలనే అనుకుంటున్నారు కాబట్టి నేరుగా సమస్యలోకి వెళ్లొచ్చనుకున్నాను.

వాళ్లు తెచ్చిన సమస్య

ఆమె మాట: "తను సీరియస్‌గా లేడు. రెండేళ్లుగా ఇదిగో అదిగో అంటున్నాడు." అతని మాట: "తనకు ఓపిక లేదు. నేనేదో కావాలని సాగదీస్తున్నట్టు మాట్లాడుతుంది."

గొడవ ఎలా మొదలవుతుందో చివరిసారి జరిగినదాన్ని వరసగా చెప్పమన్నాను. ఆదివారం సాయంత్రం ఆమె "ఏమైంది, మూడో చాప్టర్?" అంటుంది. అతను "అవుతోంది" అంటాడు. "అవుతోందంటే ఎప్పటికి?" అంటే, ఆ సంభాషణ త్వరగా ముగియాలని నోటికొచ్చిన నెల పేరు చెబుతాడు. ఆమె దాన్ని గుర్తుపెట్టుకుంటుంది. ఆ నెల వచ్చేసరికి అతను ల్యాబ్ నుంచి ఆలస్యంగా రావడం మొదలుపెడతాడు. అతను తప్పించుకునే కొద్దీ ఆమె ఎక్కువ అడుగుతుంది. ఆమె అడిగే కొద్దీ అతను ఇంకా తప్పించుకుంటాడు. ఒకరు వెంటపడడం, మరొకరు జారుకోవడం అనే ఈ చక్రాన్ని జంటలతో పనిచేసేవాళ్లు రోజూ చూస్తారు. ఇద్దరిలో ఎవరిని అడిగినా మొదలుపెట్టింది ఎదుటివాళ్లేనంటారు. వాళ్లున్న చోటు నుంచి చూస్తే ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు.

మొదటి ప్రయత్నం: ఒకరి మాట ఒకరు వినడం

రెండు, మూడు సెషన్లలో అందరూ చేయించేదే చేయించాను. ఒకరు మాట్లాడాలి, రెండోవారు విన్నది తమ మాటల్లో తిరిగి చెప్పాలి, సరిగ్గా చెప్పారని మొదటివారు ఒప్పుకున్నాకే వంతు మారాలి. చక్రంలో ఉన్న జంటకు ముందు వేగం తగ్గించాలి కాబట్టి దీనితో మొదలుపెట్టాను.

ఇద్దరూ తప్పు లేకుండా చేశారు. సమస్య అక్కడే ఉంది. "నీకు 33 వచ్చాయి, పిల్లల విషయంలో భయంగా ఉంది, స్నేహితులందరూ ఇళ్లు కొనుక్కుంటున్నారు" అని అతను అప్పజెప్పేశాడు. "నీకు మధ్యలో వదిలేస్తే నాలుగేళ్లూ వృథా అనిపిస్తుంది, నేనడిగితే పరీక్ష పెట్టినట్టుంటుంది" అని ఆమె కూడా అంతే తడబడకుండా చెప్పింది. చెప్పాక ఎవరి ముఖంలోనూ తేలిక కనబడలేదు. ఎదుటివాళ్ల మనసు అర్థంకాని జంటకు ఈ అభ్యాసం బాగా పనిచేస్తుంది. వీళ్లకు అర్థంకానిదంటూ లేదు, అర్థమైనా ఏం చేయాలో తెలియడం లేదు. రెండో సెషన్లోనే ఇది గమనించి ఆపాల్సింది. మూడోది కూడా దానికే ఖర్చుపెట్టాను.

రెండో ప్రయత్నం: తేదీల పట్టిక. ఇదే బెడిసికొట్టింది

గొడవంతా అస్పష్టమైన తేదీల మీద నడుస్తోంది కదా, స్పష్టమైన తేదీలుంటే గొడవకు చోటుండదనుకున్నాను. నాలుగో సెషన్లో ఒక పెద్ద కాగితం మీద మిగిలిన పనంతా రాయించాను: మూడో చాప్టర్, నాలుగో చాప్టర్, ముగింపు, గైడ్ చదవడం, సవరణలు, సమర్పణ. ఒక్కోదాని పక్కన అతనే నెల రాశాడు. మొత్తం ఎనిమిది నెలలు వచ్చింది. ఆమె ఆ కాగితాన్ని ఫోన్‌లో ఫోటో తీసుకుంది. ఇద్దరూ నవ్వుతూ వెళ్లారు, నాకూ సంతోషంగానే ఉంది.

రెండు నెలల తర్వాత వచ్చినప్పుడు ఆమె కూర్చోకముందే ఫోన్ తీసి ఆ ఫోటో టేబుల్ మీద పెట్టింది. మూడో చాప్టర్ అయిపోవాల్సిన నెల దాటిపోయింది. గైడ్ ఒక విశ్లేషణ మళ్లీ చేయమన్నారు, దానికే ఆరు వారాలు పట్టింది. "ఇంతకుముందు నోటిమాట తప్పేవాడు, ఇప్పుడు రాసిచ్చి తప్పాడు" అందామె. అతను ఏమీ అనలేదు.

పొరపాటు నాది. అతను రాసింది ఒక అంచనా, ఆమె చదివింది ఒక మాట. అంచనాను మాటగా మార్చిన కాగితం నా గదిలో తయారైంది. అంచనా తప్పడం మామూలు విషయం, మాట తప్పితే అది నమ్మకద్రోహం. నేను ఒకదాన్ని రెండోదాని బట్టల్లో చూపించాను.

ఇలాంటి అంచనాలు తప్పుతాయని నాకు తెలియక కాదు. మనస్తత్వవేత్తలు కానేమాన్, ట్వెర్స్కీ 1979లోనే దీని గురించి రాశారు. 1994లో బ్యూలర్, గ్రిఫిన్, రాస్ అనే పరిశోధకులు సరిగ్గా థీసిస్ రాస్తున్న విద్యార్థులనే అడిగారు. ఎన్ని రోజుల్లో ముగిస్తారంటే వాళ్లు చెప్పినదాని సగటు 34 రోజులు, నిజంగా పట్టింది 55 రోజులు. "అన్నీ ఎదురుతిరిగితే ఎంత పడుతుంది?" అని అడిగితే చెప్పిన సంఖ్య కూడా 49 దగ్గరే ఆగింది. అంటే అతి చెడ్డ ఊహ కూడా వాస్తవాన్ని అందుకోలేదు. దీనికి సోమరితనం కారణం కాదు. పని ఎలా సాగుతుందో ఊహించుకునేటప్పుడు మనిషి తన చేతిలో ఉన్న పనినే చూస్తాడు. గైడ్ ఎప్పుడు చదువుతారు, పరీక్షకుల నివేదికలు ఎప్పుడొస్తాయి, పరిశోధన పత్రిక సమీక్షకులు ఏమంటారు అన్నవి ఆ ఊహలోకి రావు. పరిశోధన ఆలస్యమయ్యేదేమో ఎక్కువగా వాటివల్లే.

విడిగా మాట్లాడినప్పుడు బయటపడింది

ఆ సెషన్లో అతని మౌనం నాకు మామూలుగా అనిపించలేదు. తేదీ తప్పినందుకు సిగ్గుపడేవాడు కారణాలు చెప్పుకుంటాడు. ఇతను చెప్పుకోలేదు. అందుకని ఇద్దరితో ఒక్కో విడి సెషన్ పెట్టాను. దానికి ముందు ఇద్దరికీ కలిపి ఒక నియమం చెప్పాను: మీ ఉమ్మడి నిర్ణయాన్ని మార్చే విషయమేదైనా విడిగా చెబితే, దాన్ని నేను రహస్యంగా మోయను. మీరే ఎదుటివాళ్లకు చెప్పేలా సాయం చేస్తాను. ఈ నియమం ముందే చెప్పకుండా విడిగా వింటే కౌన్సెలర్ ఒకరి పక్షాన ఇరుక్కుపోతారు.

విడిగా ఉన్నప్పుడు అతన్ని ఇలా అడిగాను: "రేపు థీసిస్ ఇచ్చేశారనుకోండి. ఎల్లుండి పొద్దున ఏం చేస్తారు?" ఇలాంటి కేసుల్లో నాకు చాలా ఉపయోగపడే ప్రశ్న ఇది. నిజంగా చదువే అడ్డమైతే జవాబు వెంటనే వస్తుంది, అందులో ఒక పని ఉంటుంది. చదువును చాటు చేసుకున్న మనిషైతే అక్కడ ఇంకో షరతు మొలుస్తుంది.

అతని దగ్గర రెండూ ఉన్నాయి. పెళ్లి గురించి తడుముకోలేదు: "రిజిస్టర్ చేసుకుంటాం." కాసేపు ఆగి అన్నాడు: "తర్వాత పోస్ట్‌డాక్‌కి వెళ్లాలి. రెండేళ్లు. ఎక్కడొస్తుందో తెలియదు."

ఆమె లెక్కలో థీసిస్ సమర్పణ అంటే చదువుకు చివర. అతని రంగంలో దాని తర్వాత ఇంకో మెట్టు ఉంది, పోస్ట్‌డాక్ అనే తాత్కాలిక పరిశోధన ఉద్యోగం, బహుశా ఇంకో ఊళ్లో. నెల పేరు చెబితేనే ఇంత గొడవైతే, ఈ సంగతి చెబితే ఏమవుతుందోనని రెండేళ్లుగా దాచాడు. అబద్ధం చెప్పలేదు, ఆమె అనుకుంటున్నది తప్పని చెప్పలేదంతే.

తర్వాతి సెషన్లో అతనే చెప్పాడు. ముందు ఒక కాగితం మీద మూడు వాక్యాలు రాసుకోమన్నాను: ఏమిటి, ఎప్పటినుంచి తెలుసు, ఎందుకు చెప్పలేదు. సమర్థింపు నాలుగో వాక్యంలో మొదలవుతుంది కాబట్టి మూడుకే ఆపమన్నాను. ఆమె విని చాలాసేపటికి అంది: "అంటే థీసిస్ ఇచ్చాక కూడా అయిపోదా? మరి ఇన్నాళ్లూ నేను లెక్కపెట్టింది దేనికి?" ఆ రోజు ఇంకేమీ చేయించలేదు. అలాంటి మాట విన్న గంటలోనే పరిష్కారాలు వెతికితే, బాధను పక్కన పెట్టెయ్యమని చెప్పినట్టే ఉంటుంది.

పనిచేసినది

తొమ్మిదో సెషన్లో "సెటిల్ అవ్వడం" అన్న మాటనే విడదీశాం. ఆ మాటలో ఏమేమున్నాయో ఒక్కో చీటీ మీద ఒక్కటి రాయమని ఆమెను అడిగాను. ఏడు చీటీలు వచ్చాయి: చట్టప్రకారం పెళ్లి, ఇద్దరి పేరున ఒక ఖాతా, రెండు కుటుంబాలకూ అధికారికంగా తెలియడం, సొంత ఇల్లు, బిడ్డ, ఊరు మారకపోవడం, అయిదేళ్లకు సరిపడా ఒక ప్రణాళిక. ఇల్లు అన్న చీటీ మీద కింద చిన్న అక్షరాలతో "గోడకు మేకు కొట్టే హక్కు" అని రాసి ఉంది. అద్దె ఇంట్లో యజమాని ఒప్పుకోక వాళ్ల ఫోటోలన్నీ రెండేళ్లుగా అట్టపెట్టెలోనే ఉన్నాయట. అతనికి ఆ సంగతి తెలుసు, అది ఆమెకింత పెద్ద విషయమని తెలియదు.

తర్వాత ఆ చీటీలను మూడు కుప్పలుగా పెట్టమని ఇద్దరికీ ఇచ్చాను: థీసిస్‌తో సంబంధం లేనివి, అతని ఆదాయం మీద ఆధారపడినవి, అతను పనిచేసే చోటు మీద ఆధారపడినవి. పెళ్లి, ఖాతా, కుటుంబాలకు చెప్పడం మొదటి కుప్పలో పడ్డాయి. ఇల్లు రెండోదాంట్లో. ఊరు, ప్రణాళిక మూడోదాంట్లో. బిడ్డ చీటీని ఎక్కడ పెట్టాలో తేలక మధ్యలో వదిలేశారు.

పెళ్లి చీటీని మొదటి కుప్పలో పెడుతూ అతని చెయ్యి ఆగింది. "చదువయ్యాకే పెళ్లి" అని అతనే అంటూ వచ్చాడు, కానీ చట్టం డిగ్రీ అడగదు. మరి అడ్డమేమిటని అడిగితే చివరికి వచ్చిన జవాబు: "తన జీతం మీద బతుకుతూ పెళ్లి చేసుకోవడం నాకు నచ్చలేదు." ఆమె ఇన్నాళ్లూ దీన్ని ప్రేమ చాలకపోవడం అనుకుంది. అతనికది ఆత్మగౌరవం. రెండు పక్షాలూ ఏం అడుగుతున్నాయన్నదాని కంటే ఎందుకు అడుగుతున్నాయన్నది పట్టుకుంటే తప్ప ఇలాంటిది బయటికి రాదు.

అందుకే తర్వాత డబ్బు విషయం తీసుకున్నాం. ఆదాయాలు నాలుగుకు ఒకటి కాబట్టి ఉమ్మడి ఖర్చులు కూడా అదే నిష్పత్తిలో: ప్రతి వందలో ఆమె 80, అతను 20. ఉమ్మడి ఖాతాలో నెల మొదట్లోనే పడిపోవాలి. మొత్తం కొంచెమే మారింది, అర్థం చాలా మారింది. ఇంతకుముందు అతను ఇచ్చింది "ఎంతో కొంత", ఇప్పుడు అతని వంతు అతను పూర్తిగా ఇస్తున్నాడు. బాకీ అన్న భావన పోయింది. ఆమె ఇకమీదట ఇచ్చే 80 తర్వాత ఎప్పుడూ గొడవలో ఎత్తకూడదని కూడా రాసుకున్నారు. అది రాయించకపోతే నిష్పత్తి ఎంత సరిగ్గా ఉన్నా నిలబడదు.

తేదీల సంగతికి మళ్లీ వచ్చాం, ఈసారి అతని ఊహతో కాదు. ఇప్పుడెంత పడుతుందని అడిగితే "ఏడు నెలలు" అన్నాడు. ఆరు నెలల కిందట చెప్పింది ఎనిమిది! అంతకాలం గడిచి అంచనా ఒక్క నెలే తగ్గిందని ఎవరూ ఎత్తిచూపనక్కర్లేకపోయింది, అతనే నవ్వేశాడు. అదే గైడ్ దగ్గర, అదే విభాగంలో ముగించిన అయిదుగురు సీనియర్లను ఒకే ప్రశ్న అడిగి రమ్మన్నాను: "మూడో చాప్టర్ గైడ్‌కి ఇచ్చిన రోజు నుంచి థీసిస్ సమర్పించేదాకా ఎన్ని నెలలు?" జవాబులు 11, 14, 16, 19, 26. అతని ఏడు నెలలు అందరికంటే వేగంగా ముగించినవాడి కంటే కూడా తక్కువ. ఒకే తోవలో నడిచివచ్చినవాళ్ల లెక్క మన ఊహ కంటే నమ్మదగినది. మధ్యలో ఉన్న 16ను తీసుకున్నాం.

కానీ ఆ 16 ముగింపు తేదీ కాదు. ఆ రోజు థీసిస్ అయినా కాకపోయినా ఇద్దరూ కూర్చుని నిర్ణయించుకునే తేదీ. ఈ తేడాయే మొత్తం కేసుకు కీలకం. పని ఎప్పుడవుతుందో అతని చేతిలో లేదు. ఆ రోజు కూర్చోవడం మాత్రం ఉంది, కాబట్టి దానికి మాట ఇవ్వొచ్చు. అప్పటికీ కాకపోతే ఏం చేయాలో ముందే, అతనే రాశాడు: జీతం వచ్చే పనిలో చేరి మిగతాది సాయంత్రాలు రాస్తాను. దీన్ని ఆమెతో రాయించి ఉంటే అది గడువు పేరుతో బెదిరింపు అయ్యేది. పోస్ట్‌డాక్ విషయంలో ఆమె రాసింది: ఇంకో ఊరైతే ఒక ఏడాది వరకు విడిగా ఉండగలను, రెండేళ్లు ఉండలేను. అతను ఏడాదికి మించినవాటికి దరఖాస్తు చేసేముందు ఆమెను అడగాలని ఒప్పుకున్నాడు. దీనివల్ల అతనికి కొన్ని మంచి అవకాశాలు పోతాయి. ఆ మాట నేను దాచలేదు, అతన్నే బిగ్గరగా చదవమన్నాను.

బిడ్డ చీటీ మాత్రం మా గదిలో తేలేది కాదు. సంతానశక్తి ముప్పైల మొదట్లో మెల్లగా, 35 దాటాక కాస్త వేగంగా తగ్గుతుందన్నంత వరకు చెప్పగలను, ఆమె విషయంలో ఎంత అన్నది వైద్యులు చూడాల్సిందే. వెళ్లేముందు ఒకటి చెప్పాను: అండాల నిల్వను చూపే ఏఎంహెచ్ పరీక్ష, సహజంగా గర్భం వచ్చే అవకాశాన్ని నేరుగా చెప్పదు. అందులో అంకె తక్కువొస్తే ఇంట్లో అది కొత్త ఆయుధం కాకూడదు. వైద్యురాలితో మాట్లాడాక ప్రయత్నం మొదలుపెట్టే వయసు ఆమే చెప్పింది, 35. అతను ఒప్పుకున్నాడు. థీసిస్‌కు దీన్ని ముడిపెట్టలేదు.

ఆదివారం ప్రశ్న కూడా మారింది. పదిహేను రోజులకోసారి అరగంట, ఆ అరగంటలోనే థీసిస్ మాట. "ఎప్పుడవుతుంది?" అనకూడదు. "నీ చేతిలో ఉన్నదాంట్లో ఏం జరిగింది, వేరేవాళ్ల చేతిలో ఏం ఆగింది?" అని అడగాలి. మొదటి రెండుసార్లు ఆమె నోట పాత ప్రశ్నే వచ్చింది. మూడోసారికి, అడగకముందే అతనే మొదలుపెట్టాడట.

ఆ తర్వాత

తొమ్మిది నెలల్లో 14 సెషన్లయ్యాయి. పెళ్లి రిజిస్టర్ అయింది. పదహారో నెలలో థీసిస్ కాలేదు, కానీ గైడ్ దగ్గర పూర్తి ప్రతి ఉంది. కాగితం ప్రకారం అతను ఉద్యోగం చూసుకోవాలి. ఇద్దరూ కూర్చుని మూడు నెలలు పొడిగించుకున్నారు. ఇక్కడ నాకు కొంత అనుమానం ఉండింది, ఎందుకంటే ఇలాంటి ఒప్పందాలు చచ్చేది మొదటి పొడిగింపుతోనే. ఇది నిలబడడానికి కారణం, అతను అడగకముందే ఆమె ప్రతిపాదించడం, మళ్లీ కూర్చునే రోజు కూడా అప్పుడే రాసుకోవడం. పంతొమ్మిదో నెలలో సమర్పించాడు. ఒక ఏడాది పోస్ట్‌డాక్ వచ్చింది, వేరే ఊళ్లో. ఇల్లు ఇంకా కొనలేదు. యజమానిని అడిగితే మేకులు కొట్టుకోవడానికి ఒప్పుకున్నాడట, రెండేళ్లలో ఎవరూ అడగనే లేదని అప్పుడు తెలిసింది.

నేర్చుకున్నవి, హద్దులు

ఈ కేసు తర్వాత నేను మొదటి సెషన్లోనే రెండు మార్పులు చేశాను. చదువుతున్నవారిని "ఎప్పుడవుతుంది?" అని అడగడం మానేసి, "దాని తర్వాత మీ రంగంలో ఏముంటుంది?" అని అడుగుతున్నాను. ఆ జవాబు రెండోవారికి ముందే తెలుసా లేదా అన్నది వాళ్ల ముఖం చూస్తే తెలుస్తుంది. ఇక తేదీలేవైనా కాగితం మీద పెట్టాల్సి వస్తే, ఒక్కోదాని పక్కన "ఇది ఎవరి చేతిలో ఉంది?" అన్న గడి ఉంటుంది. తమ చేతిలో లేని పనికి ఎవరితోనూ తేదీ రాయించను.

ఈ దారి అందరికీ నడవదు. ఒకరికి బిడ్డ కావాలి, మరొకరికి ఎప్పటికీ వద్దు అంటే చీటీలు ఎన్ని కుప్పలు పెట్టినా లాభం లేదు. అది సమయం గురించిన తేడా కాదు, కలిసి ఉండాలా అన్న ప్రశ్నే. "ఎల్లుండి ఏం చేస్తారు?" అన్నదానికి ప్రతిసారీ కొత్త షరతు వస్తున్నా అంతే: థీసిస్ తర్వాత ఉద్యోగం, ఉద్యోగం తర్వాత పర్మనెంట్, పర్మనెంట్ తర్వాత ఇంకేదో. అప్పుడు జంట సెషన్లు ఆపి, ఆ ఒక్కరితో విడిగా పనిచేయమని వేరే కౌన్సెలర్ దగ్గరికి పంపుతాను. ఆదాయం ఇచ్చేవారు దాన్ని పగ్గంగా వాడుతున్న చోట నిష్పత్తి లెక్కలు చేయించడం ప్రమాదం కూడా, ఎందుకంటే కాగితం మీద న్యాయంగా కనబడే అంకె వాళ్ల చేతికి ఇంకో పగ్గం అవుతుంది. మొదటి రోజు విడిగా తీసుకునే ఆ 20 నిమిషాలు ముఖ్యంగా దీనికోసమే.